మీటింగ్ల లొల్లి అయినంక ఆ మనిషికి మెసేజ్ ఎట్ల పెట్టాలె, పంచాయితి మళ్ళ మొదలుగాకుండ

మా స్టాఫ్ రూంల, చుట్టాలల్ల, పాత దోస్తులల్ల కలిపి ఈ ఒక్క సంగతి నన్ను ఎంతమంది అడిగిండ్రో లెక్కలేదు. మీటింగ్ల గట్టిగ వాదన అయింది, నేను ఒక మాట అన్న, ఇప్పుడు ఆ మనిషి మొఖం చూడబుద్ధి అయితలేదు, మెసేజ్ పెడదామంటే ఏం రాయాలె, రాస్తే మళ్ళ అదే లొల్లి షురూ అయితదేమో అని. అందుకే ఒక్కసారి మొత్తం రాసి పెడుతున్న. నేను హన్మకొండల ఒక ప్రైవేట్ స్కూల్ల సోషల్ చెప్త, పరీక్షల ఇన్‌చార్జి కూడ నేనే. ఈ జనవరిల నేనే ఇట్ల ఒక మాట అని, తర్వాత మెసేజ్ పెట్టి సర్దుకున్న, కాబట్టి దాన్నే ముంగట పెట్టుకొని చెప్త.

ఇది ఎవరి కోసమంటే, వాదనల తన పాయింటు కరెక్టే అని ఇప్పటికీ అనుకుంటున్నోళ్ల కోసం. పాయింటే తప్పు అని తేలిపోతే పని అల్కగ అయితది, "నాదే తప్పు, మీరు చెప్పిందే కరెక్టు" అంటే అయిపోయె. పాయింటు వదలకుండ మనిషిని మళ్ళ దగ్గరికి తెచ్చుకునుడు కష్టం.

నా సంగతి ముందు చెప్త. మేడారం జాతర ఈసారి 2026 జనవరి 28 నుంచి 31 దాకా ఉండె. మా దిక్కు జాతర నాలుగు రోజులు స్కూల్ నడిచే ముచ్చటే ఉండదు, పిల్లలు ముందు రెండు రోజులు వెనక రెండు రోజులు కూడ రారు. టెన్త్ పిల్లలకు మా స్కూల్ పెట్టుకునే గ్రాండ్ టెస్టులు జాతరకు ముందే అయిపోవాలె అని నేను, జాతర అయినంకనే పెట్టాలె, సైన్స్ సిలబస్ ఇంక అయిపోలే అని సైన్స్ మేడం. ఆమె నాకంటె ఆరేండ్లు పెద్ద, బయట అక్కా అంట, మీటింగ్ల మేడం అంట. మాట పెరిగి పెరిగి నేను అందరి ముంగట "ప్రతిసారి మీ వల్లనే ఆగుతది మేడం" అన్న. రూం మొత్తం సప్పుడు బంద్. ఆమె పుస్తకం మూసి కిందికి చూసుకుంట కూసున్నది. ప్రిన్సిపాల్ సార్ డేట్ల సంగతి శనివారం తేలుద్దాం అని లేచిండు. అది మంగళవారం.

ఏమేం కావాలె

ఒక తెల్ల కాగితం, పెన్ను. ఫోన్ల రాసుకుంటే నోట్స్‌ల రాసుకోండి, వాట్సాప్ చాట్ డబ్బాల మాత్రం వద్దు, వేలు తగిలి సగం మెసేజ్ పోయినోళ్లు నాకు ఇద్దరు తెలుసు. మీరు అన్న మాట, ఉన్నది ఉన్నట్టు, గుర్తు తెచ్చుకొని రాసుకోవాలె. మీ ఇద్దరి నడుమ ఈ వారంల ఉన్న ఒక చిన్న పని, వాదనతోని సంబంధం లేనిది. పావుగంట టైం. ఇంతే.

1. ముందు సల్లబడాలె, గ్రూపుల ఏం రాయొద్దు

మీటింగ్ అయిన గంటల ఏం పెట్టినా అది మీటింగ్‌కు కొనసాగింపే అయితది. స్టాఫ్ గ్రూపుల అస్సలే వద్దు. స్టేటస్ కూడ వద్దు. లొల్లి అయిన రాత్రి "నిజం మాట్లాడితే అందరికి కోపమే" అసొంటి కొటేషన్ స్టేటస్ పెట్టేటోళ్లు మస్తు మంది ఉంటరు. పెట్టినోళ్లకు మనసు తేలికైతది గని చూసినోళ్లకు అది ఇంకో దెబ్బ, ఆ తర్వాత మీరు ఎంత మంచిగ సారీ చెప్పినా ఆ స్టేటసే యాదికుంటది.

ఇప్పటికే వేడి మీద ఏదన్న పెట్టేసి ఉంటే? వాట్సాప్‌ల పెట్టిన పావుగంట లోపట ఎడిట్ చేయొచ్చు, అందరికి డిలీట్ చేసేటందుకు రెండు రోజుల పైన టైం ఉంటది. గని డిలీట్ చేస్తే అక్కడ డిలీట్ చేసినట్టు గుర్తు మిగుల్తది, వాళ్లు చదివి ఉంటే ఇంక అనుమానం పెరుగుతది. చదివిండ్రని తెలిస్తే డిలీట్ చేయకండి, దాన్ని కూడ కలిపి సారీ చెప్పండి.

2. కాగితం మీద నడుమ గీత గీయండి

ఎడమ దిక్కు "తీరు" అని రాయండి, కుడి దిక్కు "సంగతి" అని. తీరు అంటే మీరు ఎట్ల మాట్లాడిండ్రు, గొంతు లేపిండ్రా, మధ్యల ఆపిండ్రా, ఏ మాట అన్నరు, ఎవరి ముంగట అన్నరు. సంగతి అంటే దేని గురించి వాదన, మీ పాయింటు, వాళ్ల పాయింటు, లెక్కలు, తేదీలు.

నా కాగితం మీద ఎడమకు రెండే లైన్లు వచ్చినయి. "ప్రతిసారి మీ వల్లనే అన్న. పద్నాలుగు మంది ముంగట అన్న." కుడికి పేజీ నిండింది, జాతర డేట్లు, పోయినసారి ఏమైంది, ఎన్ని చాప్టర్లు మిగిలినయి, అన్నీ. కుడి దిక్కు నిండుడు మామూలే, ఎందుకంటే మనకు ఇంక వాదన లోపట నడుస్తనే ఉంటది. మెసేజ్‌ల పోయేది ఎడమ దిక్కుది మాత్రమే. కుడి దిక్కుది ఒక్క ముక్క కూడ పోవద్దు, మీకు ఎంత న్యాయంగ అనిపించినా సరే. ఆ కాగితం సగానికి చింపి కుడి ముక్క బ్యాగుల పెట్టుకోండి, అది శనివారం మీటింగ్‌కు పనికొస్తది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మీరు వాదనల ఒక తప్పుడు లెక్క చెప్పి ఉంటే, లేని మాట వాళ్లు అన్నట్టు చెప్పి ఉంటే, అది సంగతి కిందికి రాదు, తీరు కిందికే వస్తది. దాన్ని మెసేజ్‌ల సరిచేయాలె.

3. ఎక్కడ పెట్టాలె, ఏ రూపంల

పర్సనల్‌గ, టైపు చేసిన మెసేజ్. అందరి ముంగట అన్న గదా, అందరి ముంగటనే గ్రూపుల సారీ చెప్త అనుకుంటరు కొందరు, మంచి మనసుతోనే. గని గ్రూపుల పెడితే ఆ మనిషి అందరి ముంగట జవాబు ఇయ్యాల్సి వస్తది, కోపం ఇంకా పోకున్నా "పర్లేదు" అని రాయాల్సి వస్తది. పద్నాలుగు మంది చప్పట్ల బొమ్మలు పెడుతరు. ఆమె దృష్టిల అది రెండోసారి ఇరికించుడు. అందరి ముంగట చెప్పాల్సింది ఉంటది, అది తర్వాత, నోటితోని, ఏడో దాంట్ల చెప్త.

వాయిస్ మెసేజ్ ఎందుకు వద్దంటే, వాళ్లు స్టాఫ్ రూంల స్పీకర్ల పెడితే అందరు వింటరు, పైగా మాట్లాడుకుంట మాట్లాడుకుంట మనం తెలియకుండనే సంగతిలకు పోతం. ఫోన్ చేసుడు మంచిదే గని మొదటిసారికి వద్దు, ఎత్తాలెనా వద్దా అని వాళ్లను ఇబ్బంది పెట్టుడు అయితది. టైపు చేసిన దాన్ని వాళ్లు ఇష్టమున్నప్పుడు చదువుకుంటరు. ఒకవేళ ఆ మనిషి టైపు చేసింది చదవడు, ఫోన్లే ఎత్తుతడు అంటే, ఫోన్ చేసి కింద ఐదో దాంట్ల చెప్పే నాలుగు ముక్కలే చెప్పి పెట్టేయండి.

4. ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే మొదలువెట్టండి

దీన్ని మస్తు మంది చిన్నగ చూస్తరు. నేను ఫస్టు రాసినప్పుడు "మేడం గారు" అని మొదలువెట్టిన, మర్యాదగ ఉంటదని. మా ఆయన చదివి "ఇంక కోపమున్నట్టు ఉంది" అన్నడు. నిజమే. ఆరేండ్ల సంది అక్కా, నువ్వు అని పిలిచిన మనిషిని ఒక్కసారి మేడం గారు, మీరు అంటే అది దూరం పెట్టుడే, మెసేజ్‌ల ఇంకేం రాసినా ఆ ఒక్క మాట చదివి మనసు ముడుచుకుంటది. అన్నా అనేటోళ్లను అన్నా అనే అనండి, సార్ అనేటోళ్లను సార్ అనే. ఎప్పుడు సార్ అని పిలిచే మనిషిని ఇయ్యాల కొత్తగ అన్నా అంటే అది కూడ తప్పే, కాకా పడుతున్నట్టు ఉంటది.

5. నాలుగు ముక్కలు, అంతకన్న ఎక్కువ వద్దు

మొదటిది, మీరు ఏం చేసిండ్రో పేరు పెట్టి చెప్పుడు. రెండోది, తప్పు నాది అనుడు. మూడోది, వాదన ఏ చోట తేలుతదో చెప్పి దాన్ని ఇక్కడికి రానియ్యకుండ తలుపు పెట్టుడు. నాలుగోది, ఇద్దరి నడుమ ఉన్న చిన్న పని, దాంతో పాటు జవాబు ఇయ్యకున్నా పర్వాలేదనే మాట.

2016ల అమెరికాల రాయ్ లెవికీ అనే ప్రొఫెసర్, ఇంకొందరు కలిసి సారీ చెప్పుట్ల ఆరు భాగాలు పెట్టి ఏది ఎంత పనిచేస్తదో చూసిండ్రు. అన్నిటికన్న ఎక్కువ పనిచేసేది తప్పు నాదే అని ఒప్పుకునుడు, దాని తర్వాత సరిచేస్త అని చెప్పుడు. అన్నిటికన్న తక్కువ పనిచేసేది "నన్ను క్షమించండి" అని అడుగుడు. మనం మాత్రం మెసేజ్ మొత్తం ఆ ఆఖరిదాంతోనే నింపుతం.

నా ఫస్టు డ్రాఫ్టు ఇది, పంపలేదు:

"మేడం గారు, పొద్దున ఏదో నోరు జారింది, ఏమనుకోకండి. మీకు ఏమన్న బాధ అనిపించి ఉంటే క్షమించండి. కానీ నేను పిల్లల కోసమే అన్నాను, జాతర అయ్యాక పెడితే రివిజన్‌కు టైం ఉండదని మీకూ తెలుసు. మన మధ్య ఇవన్నీ ఎందుకు చెప్పండి. దయచేసి రిప్లై ఇవ్వండి."

పైకి చూస్తే మంచిగనే ఉన్నట్టు ఉంటది. ఒక్కొక్కటి చూడండి. "నోరు జారింది" అంటే తప్పు నోటిది, నాది కాదు. "ఏదో" అంటే ఏమన్ననో నాకే యాదికి లేదన్నట్టు, ఆమెకు మాత్రం అక్షరం అక్షరం యాదికుంది. "ఏమనుకోకండి" అంటే పని ఆమెకు అప్పజెప్పుడు, అనుకునుడు మానేయాల్సింది ఆమె అన్నట్టు. "బాధ అనిపించి ఉంటే" అన్నదాంట్ల ఆ "ఉంటే" ఉంది చూడండి, బాధ పడ్డదో లేదో అనుమానమే అని చెప్తది, పుస్తకం మూసి తల దించుకున్న మనిషికి. "కానీ" నుంచి అయితే కాగితం కుడి దిక్కు మొత్తం వచ్చి కూసున్నది, "మీకూ తెలుసు" అనుడుతోని ఆమె తెలిసి మొండికేస్తుంది అని మళ్ళొకసారి అన్నట్టే. ఆఖరుకు రిప్లై అడుగుడు, అది నా మనసు నిమ్మళం కోసం.

రెండోసారి రాసి పంపింది ఇది:

"అక్కా, పొద్దున మీటింగ్ల అందరి ముంగట ప్రతిసారి నీ వల్లనే ఆగుతదని అన్న. అట్ల అనుడు తప్పు, అది నిజం కూడ కాదు. తప్పు నాది, సారీ. టెస్టుల డేట్లు శనివారం సార్ ముంగటనే మాట్లాడుకుందాం, ఇక్కడ దాని గురించి ఏం రాయను. ప్రాక్టికల్ రికార్డుల మీద నా సంతకాలు పెండింగ్ ఉన్నయి గదా, రేపు మూడో పీరియడ్ నాకు ఖాళీ, వచ్చి చేసి పోత. దీనికి రిప్లై ఇయ్యకున్నా ఏం కాదు."

"అది నిజం కూడ కాదు" అని ఎందుకు పెట్టిన అంటే, ప్రతిసారి అనేది అబద్ధం, పోయిన రెండు టెస్టులు లేటయింది నా పేపర్ల ప్రింటింగ్ వల్ల. అది ఒప్పుకుంటే డేట్ల మీద నా పాయింటు ఏం పోదు. మీరు అన్న మాట మరీ పచ్చిగ ఉంటే దాన్ని మళ్ళ రాయకండి, రాస్తే మళ్ళ అన్నట్టే. "అనరాని మాట అన్న" అంటే చాలు, ఏదో వాళ్లకు తెలుసు.

పంపే ముందు ఈ మాటల కోసం ఎతుకుండి: కానీ, అయితే, ఒకవేళ, అనిపిస్తే, మీరు కూడ, నా ఉద్దేశం, అందరు అంటున్నరు. ఏ ఒక్కటి కనపడ్డా ఆ వాక్యం మొత్తం తీసేయండి, ఆ ఒక్క మాట మారిస్తే సరిపోదు. దండం పెట్టే చేతుల బొమ్మ కూడ వద్దు, మనకాడ దానికి రెండు అర్థాలు, ఒకటి సారీ, ఇంకోటి "నీకో దండం, ఇంక చాలు". "క్షమాపణలు తెలియజేస్తున్నాను" అని కూడ రాయకండి, లీవ్ లెటర్ లెక్క ఉంటది.

ఇంట్ల ఎవరితోనన్న ఒకసారి చదివించండి, మీటింగ్ల లేని మనిషితోని. చదివినంక "వాదన దేని గురించి, నా పాయింటు ఏంది" అని అడగండి. వాళ్లు మీ పాయింటు చెప్పగలిగితే అది లోపట ఎక్కడనో దూరింది, తీసేయండి. మా ఆయనను అడిగితే "ఏదో డేట్ల లొల్లి, నువ్వు ఏ డేట్ అన్నవో తెల్వదు" అన్నడు. గప్పుడు పంపిన.

6. ఎప్పుడు పంపాలె

అదే రోజు సాయంత్రం, ఇంటికి పోయి అన్నం తినే టైం కన్న ముందు. లేదంటే మర్నాడు పొద్దుగాల, మళ్ళ ఎదురుపడేకన్న ముందు. రాత్రి పదకొండుకు పంపితే వాళ్ల నిద్ర పోతది, మీరు నిద్ర పట్టక పంపిండ్రని కూడ తెలిసిపోతది. రెండు మూడు రోజులు ఆగితే వాళ్లు వేరే నలుగురితోని చెప్పుకొని ఉంటరు, ఆ నలుగురు కూడ ఈ లొల్లిలకు వచ్చినట్టే. నేను సాయంత్రం ఆరున్నరకు పంపిన.

పంపినంక ఫోన్ పక్కకు పెట్టండి. బ్లూ టిక్కులు చూసుకుంట కూసుంటే పావుగంటకే "చదివినవ్ గదా అక్కా" అని ఇంకో మెసేజ్ పెట్టబుద్ధి అయితది. రెండో మెసేజ్ ఫస్టు దాన్ని చెడగొడుతది.

7. జవాబు వచ్చినప్పుడు

"సరే, పర్లేదు" అని వస్తే "థాంక్స్ అక్కా, రేపు మూడో పీరియడ్ వస్త" అని ఆపేయండి. బొటనవేలు బొమ్మ ఒక్కటే వస్తే దానికి జవాబు లేదు, అదే జవాబు. చదివి ఊకుంటే మీరు కూడ ఊకోండి, చెప్పిన పనికి మాత్రం చెప్పిన టైంకు పోవాలె.

కష్టమయ్యేది ఇంకో రకం, వాదనే మళ్ళ వచ్చుడు. నాకు వచ్చింది అదే. తొమ్మిదిన్నరకు ఇట్ల రాసింది: "సరే. కాని నీకు తెల్వదా, రెండు నెలల సంది ల్యాబ్ అసిస్టెంట్ లేడు, ప్రాక్టికల్స్ అన్నీ నేనొక్కదాన్నే చేసుకుంటున్న, సిలబస్ ఎట్ల అయితది." నా చెయ్యి అప్పటికే టైపు చేసుడు షురూ చేసింది, సంక్రాంతి సెలవులల్ల ఎక్స్‌ట్రా క్లాసులు పెట్టొచ్చు గదా అని. తుడిచేసిన.

ఇసొంటి మెసేజ్‌ల రెండు ఉంటయి, ఒకటి వాదన, ఇంకోటి బాధ. బాధకు మాత్రమే జవాబు ఇయ్యాలె, మీకు నిజంగ తెలిసిన ముక్క పట్టుకొని. నేను రాసింది: "అవునక్కా, రెండు నెలలు ఒక్కదానివే చేసినవ్, నేను చూసిన. శనివారం సార్‌కు ఇది నువ్వే ఫస్టు చెప్పు, నువ్వు చెప్పేదాక నేను మధ్యల మాట్లాడ." జాతర తర్వాతనే పెడదాం అని నేను అనలేదు, ముందే పెట్టాలె అని కూడ అనలేదు. ఇక్కడ మస్తు మంది చేసే తప్పు, మనిషి మెత్తపడాలని పాయింటు వదిలేస్త అని మాట ఇచ్చుడు. శనివారం మళ్ళ అదే పాయింటు ఎత్తుతరు, గప్పుడు మెసేజ్ మొత్తం అబద్ధం అయిపోతది. ఒకటికి రెండుసార్లు వాదన ఎత్తినా "శనివారం మాట్లాడుదాం అక్కా" అనే దాని మీదనే ఉండండి, మూడోసారి ఎత్తితే రాసుడు బంద్ చేసి "రేపు చాయ్ తాగుకుంట మాట్లాడుదాం" అనండి.

ఇగ అందరి ముంగట అన్నదాని సంగతి. తర్వాతి మీటింగ్ మొదట్ల, వాదన రాకముందే, ఒక్క వాక్యం: "మంగళవారం నేను మేడంను అన్న మాట తప్పు, నేను ఆమెతోని కూడ చెప్పిన." అంతే, వెంటనే ఎజెండాలకు పోవాలె. ఇది ముందే వాళ్లకు చెప్పి, "వద్దు, అందరి ముంగట మళ్ళ ఎందుకు" అంటే వదిలేయాలె.

8. కుదిరిందా లేదా ఎట్ల తెలుస్తది

"పర్లేదు" అనే మాటను లెక్క పెట్టకండి, అది మర్యాదకు కూడ అంటరు. పని మెసేజులు చూడండి. ఇంతకుముందు మీకే నేరుగ అడిగేది ఇప్పుడు ఇంకొకరితోని అడిగిపిస్తున్నరా, ప్రిన్సిపాల్‌ను కాపీల పెట్టి రాస్తున్నరా, గ్రూపుల మీ పేరు తీయకుండ మాట్లాడుతున్నరా. ఇవి ఉంటే ఇంక కాలేదు. అక్కర్లేని చిన్న మెసేజ్ వచ్చిందంటే, "నీ దగ్గర స్టేప్లర్ పిన్నులు ఉన్నయా" అసొంటిది, అయిపోయినట్టే. నాకు బుధవారం రికార్డుల కాడ మాటలు పొడిపొడిగనే ఉండె, ఆమె పేజీలు తిప్పింది నేను సంతకాలు చేసిన. శనివారం వాదన మళ్ళ అయింది, గట్టిగనే అయింది, గని ఎవ్వరు ఎవ్వర్ని అనలే. ఆఖరుకు సైన్స్ పేపర్లు రెండు జాతర తర్వాతకు పోయినయి, మిగిలినయి ముందే. సోమవారం పొద్దున మెసేజ్ వచ్చింది, "నీ ఇన్విజిలేషన్ లిస్టుల నా పేరు రెండుసార్లు ఉంది చూసుకో" అని.

వారం పది రోజులు చూసినా మారకపోతే ఇంకో సారీ మెసేజ్ వద్దు. ఒక్కసారి ఎదురుంగ కూసొని "నేను అన్నదాంట్ల నేను చెప్పనిది ఏమన్న మిగిలిందా అక్కా" అని అడిగి, చెప్పేది మొత్తం వినండి, మధ్యల ఆపకుండ. చానసార్లు మనం సారీ చెప్పింది ఒకదానికి, వాళ్లకు గుచ్చుకున్నది ఇంకోటి.

ఈ పద్ధతి ఎక్కడ వాడొద్దు

ఎదుటి మనిషి మిమ్మల్ని కులం పేరు పెట్టి తిట్టినా, బెదిరించినా, ఆడమనిషివని తక్కువ చేసి మాట్లాడినా, అది వాదన కాదు, దానికి మెసేజ్ పెట్టి సర్దుకునే పని లేదు. ఏమన్నరో తేదీ, టైంతోని రాసి పెట్టుకొని పైకి రాతపూర్వకంగ ఇయ్యాలె. ఇద్దరు సమంగ అరుచుకున్న కాడ మీ వాటా మీరు చెప్పుకుంటే చాలు, వాళ్ల వాటా వాళ్లు చెప్పాలని మెసేజ్‌ల అడగకండి.

మీరు పై హోదాల ఉండి కిందోళ్లను అన్నట్టయితే ఆ "రిప్లై ఇయ్యకున్నా ఏం కాదు" అనేది తప్పకుండ పెట్టండి, లేకుంటే వాళ్లకు అది ఆర్డర్ లెక్క వినపడ్తది, కోపం ఉన్నా "నో ప్రాబ్లం సార్" అని పెడుతరు. వాళ్లు తగ్గి మాట్లాడిన ఆ జవాబు చూసి అయిపోయింది అనుకోకండి, తర్వాతి మీటింగ్ల వాళ్లు మీకు ఎదురు చెప్పిన రోజు అయిపోయినట్టు.